వెయ్యి ప్రతుల లెక్క: స్థిర వ్యయం ఎందుకు పలచబడుతుంది, చర వ్యయం ఎందుకు కదలదు
(కొత్తగా పుస్తకాలు ప్రచురించాలనుకునే వారి కోసం జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీలో చాలామంది చేతిలో రాతప్రతి ఉంది. ప్రెస్సుకు వెళ్లి రేటు అడిగి వచ్చినవాళ్లూ ఉన్నారు. ప్రెస్సు యజమాని మీకు ఒక ధర చెప్పి ఉండడు, కనీసం మూడు చెప్పి ఉంటాడు. మూడు వందల ప్రతులకైతే ఒకటి, అయిదు వందలకైతే ఒకటి, వెయ్యికైతే ఇంకొకటి. అదే పుస్తకం, అదే కాగితం, అవే పేజీలు. అయినా ఒక్కో ప్రతికి పడే ఖర్చు మాత్రం మారిపోతోంది. ఆయన మనల్ని ఎక్కువ కొట్టించాలని ఆశ పెడుతున్నాడేమో అనిపిస్తుంది. అలా చేసేవాళ్లు లేరని నేను అనను గానీ, ఆ మూడు ధరల వెనుక ఉన్నది మాత్రం లెక్కే. ఈ రోజు ఆ లెక్క ఒక్కటే చూద్దాం.

ఒక పుస్తకాన్ని తీసుకుందాం. డెమీ ఎనిమిదో సైజు, 160 పేజీలు, లోపల ఒకే రంగు, అట్ట నాలుగు రంగులు. డెమీ షీటు ఒకటి మడిస్తే పదహారు పేజీలు వస్తాయి. దీన్నే ప్రెస్సులో ఫారం అంటారు. 160 పేజీలంటే పది ఫారాలు. షీటుకు ఒక వైపు ఎనిమిది పేజీలు, రెండో వైపు ఎనిమిది. ఒక్కో వైపుకు ఒక ప్లేటు కావాలి కాబట్టి లోపలి పేజీలకు ఇరవై ప్లేట్లు. అట్టకు రంగుకొకటి చొప్పున నాలుగు. మొత్తం ఇరవై నాలుగు. నేను చెప్పబోయే ధరలు లెక్క తేలికగా సాగడానికి పెట్టుకున్నవి. ఊరిని బట్టి, కాగితం ధరను బట్టి ఇవి మారుతుంటాయి. మీ ప్రెస్సు రేట్లు వేసుకుని ఇదే లెక్క మళ్లీ చేసుకోండి.

మొదటి ప్రతి యంత్రం మీదకు ఎక్కకముందే మన జేబులోంచి ఏం పోతుందో చూడండి. డి.టి.పి.కి పేజీకి 50 రూపాయల చొప్పున 8,000. ప్రూఫులు దిద్దడానికి పేజీకి 20 చొప్పున 3,200. అట్ట బొమ్మకు, డిజైనుకు 4,000. ఇరవై నాలుగు ప్లేట్లకు 300 చొప్పున 7,200. ఆపైన మిషన్ సెట్టింగు, అందులో పాడయ్యే కాగితంతో కలిపి 1,600. అన్నీ కూడితే 24,000 రూపాయలు.

ఇప్పుడు ఒక్కో ప్రతి తయారీకి ఏం పడుతుంది? పది షీట్ల కాగితం. రీము, అంటే అయిదు వందల షీట్లు, 750 రూపాయలు అనుకుంటే షీటు రూపాయిన్నర. ప్రతికి 15 రూపాయలు. పది షీట్లకు రెండు వైపులా అచ్చు వేయాలి కాబట్టి ఇరవై సార్లు యంత్రం తిరగాలి. ఒక్కో తిప్పుకు పావలా చొప్పున 5 రూపాయలు, సిరాతో సహా. అట్ట కార్డు, దాని అచ్చు, లామినేషన్ కలిపి 8. మడత, కుట్టు, అట్ట అంటింపు, అంచుల కోత, వీటన్నిటికీ బైండింగువారు తీసుకునేది 12. మొత్తం 40 రూపాయలు.

మనకు కావలసిన సంఖ్యలు ఈ రెండే, 24,000, 40. మొదటిది స్థిర వ్యయం, రెండోది ప్రతికి పడే చర వ్యయం.

వెయ్యి ప్రతులు వేద్దామనుకోండి. ప్లేట్లు ఎన్ని? ఇరవై నాలుగే. డి.టి.పి. చేసినావిడ ఇంకో పేజీ కొట్టిందా? లేదు. కాగితం మాత్రం పదివేల షీట్లు, ఇరవై రీములు కావాలి. ఇప్పుడు వెయ్యి కాదు, వెయ్యిన్నొకటో ప్రతి కూడా కావాలన్నారు. ప్లేటు మారదు, అట్ట డిజైను మారదు. కానీ ఆ ఒక్క ప్రతికి మళ్లీ పది షీట్లు కావాలి, యంత్రం మళ్లీ ఇరవై సార్లు తిరగాలి, బైండరు ఇంకోసారి కుట్టాలి. వెయ్యిన్నొకటో ప్రతి మొదటి ప్రతి కాగితాన్ని వాడుకోలేదు. ప్లేటును మాత్రం నిరభ్యంతరంగా వాడుకుంటుంది. తేడా అంతా ఇందులోనే ఉంది. ప్లేటు మీద ఉన్నది అన్ని ప్రతులకూ ఉమ్మడి. కాగితం ఏ ప్రతిది ఆ ప్రతికే ఖర్చవుతుంది.

అందుకే బిల్లులో ఒక పద్దు ఎటు చెందుతుందో తేలకపోతే నేను ఒకటే అడుగుతాను: ఇంకో ప్రతి వేస్తే ఈ పద్దు పెరుగుతుందా? పెరగకపోతే స్థిరం. ప్రతి ప్రతికీ అంతే మొత్తం పెరుగుతూ పోతే చరం.

ఇప్పుడు ఉమ్మడి ఖర్చును పంచుదాం. వంద ప్రతులే వేస్తే 24,000ను వంద మీద పంచాలి. ప్రతికి 240 రూపాయలు. మూడు వందలకైతే 80. అయిదు వందలకు 48. వెయ్యికి 24. రెండు వేలకు 12. నాలుగు వేలకు 6. పెళ్లివారు మాట్లాడుకున్న బస్సు కిరాయి ఎంతమంది ఎక్కితే అంతమంది మీద పడటం లాంటిదే ఇది. కిరాయి మారలేదు, పంచుకునే తలలు పెరిగాయి.

చర వ్యయాన్ని కూడా అలాగే పంచి చూడండి. వంద ప్రతులకు మొత్తం 4,000. వందతో భాగిస్తే 40. వెయ్యి ప్రతులకు 40,000. వెయ్యితో భాగిస్తే మళ్లీ 40. పైన ఉన్న మొత్తం ఎంత రెట్లు పెరిగిందో, కింద ఉన్న ప్రతుల సంఖ్య కూడా అన్ని రెట్లే పెరిగింది. భాగహారంలో రెండూ కలిసి పెరిగితే ఫలితం కదలదు. స్థిర వ్యయం విషయంలో పైది నిలిచిపోయింది, కిందది ఒక్కటే పెరిగింది. అందుకే ఫలితం తగ్గింది. అంతకుమించి ఇందులో రహస్యం లేదు.

కొత్తవాళ్లు తడబడేది సరిగ్గా ఇక్కడే. "స్థిరం అన్నారు కదా, మరి తగ్గుతుందేమిటి? చరం అన్నారు, అది మారనే మారదేమిటి?" అని ప్రతి బృందంలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. స్థిరం, చరం అన్న పేర్లు మొత్తం ఖర్చును చూసి పెట్టినవి. మొత్తం 24,000 స్థిరంగా ఉంటుంది. మొత్తం కాగితం ఖర్చు ప్రతులతో పాటు మారుతుంది. ఒక్కో ప్రతి వాటా దగ్గరికి వచ్చేసరికి బొమ్మ తిరగబడుతుంది. మీ నోటుపుస్తకంలో రెండు గళ్లు పెట్టుకోండి, ఒకటి 'మొత్తం', రెండోది 'ప్రతికి'. ఒక సంఖ్య రాసే ముందు అది ఏ గడిలోదో చూసుకుంటే సగం పొరపాట్లు రావు.

రెండూ కలిపితే ప్రతికి పడే మొత్తం ఖర్చు వస్తుంది. వంద ప్రతులకు 280, మూడు వందలకు 120, అయిదు వందలకు 88, వెయ్యికి 64, రెండు వేలకు 52, నాలుగు వేలకు 46. ప్రెస్సు యజమాని చెప్పిన మూడు ధరలు ఇక్కడి నుంచే వచ్చాయి. ఈ సంబంధాన్ని 1910లో జర్మన్ ఆర్థికవేత్త కార్ల్ బ్యూషర్ భారీ ఉత్పత్తి నియమం అన్న పేరుతో సూత్రబద్ధం చేశాడు. ప్రతికి ఖర్చు అంటే చర వ్యయం, దానికి తోడు స్థిర వ్యయాన్ని ప్రతుల సంఖ్యతో భాగించిన వాటా. మన పుస్తకానికైతే 40 + 24,000 ÷ ప్రతులు.

ఈ వరసను ఇంకాస్త నిదానంగా చూడండి. వంద నుంచి రెండు వందలకు వెళ్తే స్థిర వ్యయం వాటా 240 నుంచి 120కి పడిపోయింది. అంటే అదనంగా వంద ప్రతులు వేయడం వల్ల ప్రతికి 120 రూపాయలు తగ్గాయి. అదే వెయ్యి నుంచి పదకొండు వందలకు వెళ్తే? 24 రూపాయలు 21 రూపాయల 82 పైసలు అవుతుంది. అవే వంద ప్రతులు, తగ్గింది మాత్రం రెండు రూపాయల చిల్లర. ప్రతులు రెట్టింపైన ప్రతిసారీ వాటా సగమవుతుంది. కానీ సగమయ్యే ఆ సంఖ్యే చిన్నదైపోతుంటే దానిలో సగం వల్ల మిగిలేది ఎంత? రెండు వేల నుంచి నాలుగు వేలకు వెళ్లి మనం మిగుల్చుకునేది ప్రతికి 6 రూపాయలు. దానికోసం కొత్తగా కాగితానికీ అచ్చుకూ బైండింగుకూ పెట్టేది 80,000. ఎన్ని వేలు వేసినా ప్రతి ఖర్చు 40 రూపాయల కిందికి దిగదు. కాగితం కొనకుండా పుస్తకం రాదు కదా.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. "రెండు వేలు వేస్తే ప్రతి 52 రూపాయలకే పడుతుంది, వెయ్యి వేస్తే 64. రెండు వేలే వేయండి" అని ఎవరైనా అంటే, ముందు మొత్తం గడి చూడండి. వెయ్యికి 64,000. రెండు వేలకు 1,04,000. ప్రతి చవకైంది, బిల్లు 40,000 పెరిగింది. పుస్తకం ఆరు వందల ప్రతులే అమ్ముడైందనుకోండి. రెండు వేలు వేసినవాడికి అమ్మిన ఒక్కో ప్రతి మీద పడ్డ ఖర్చు 173 రూపాయలు. వెయ్యి వేసినవాడికి 107 దాకా. ఆరు వందలే వేసినవాడికి 80. స్థిర వ్యయాన్ని పంచుకోవాల్సింది అచ్చయిన ప్రతులు కాదు, డబ్బు తెచ్చిన ప్రతులు. అటక మీద చెదలకు అప్పగించిన ప్రతి ఏ వాటా మోయదు, పైగా తన 40 రూపాయలు తాను తినేసి కూర్చుంటుంది. విజయవాడలో పాత ప్రచురణకర్తలెవరితోనైనా మాట్లాడి చూడండి, గోదాములో మిగిలిన ప్రతుల సంగతి ఎత్తగానే ముఖం మారుతుంది.

ఇంకో పొరపాటు, లెక్కలు బాగా వచ్చినవాళ్లు కూడా చేసేది. వెయ్యి ప్రతులకు 64 అని తేలింది కదా, ఇక ఆ 64ను పట్టుకుని అన్నిటికీ గుణిస్తారు. మూడు వేల ప్రతులకు ఎంతవుతుందంటే 64ను మూడు వేలతో గుణించి 1,92,000 అంటారు. నిజానికి అయ్యేది 24,000కు 1,20,000 కలిపితే 1,44,000. ఇక్కడ నలభై ఎనిమిది వేలు ఎక్కువ చూపించి, మంచి పనిని వద్దనుకుంటారు. అదే మనిషి మూడు వందల ప్రతులకు 19,200 చాలనుకుంటాడు. అయ్యేది 36,000. ఇది మరీ ప్రమాదం, సగం పని అయ్యాక డబ్బు చాలదు. 64 అనేది వెయ్యి దగ్గర మాత్రమే నిజం. పక్కకు తీసుకెళ్లదగిన సంఖ్యలు 24,000, 40 మాత్రమే.

దీని మరో ముఖం చూడండి. వెయ్యి ప్రతులు యంత్రం మీద ఉన్నాయి. ఒక కళాశాలవారు ఫోను చేసి, పిల్లలకు బహుమతులుగా ఇవ్వడానికి ఇంకో రెండు వందల ప్రతులు కావాలి, ప్రతికి 50 రూపాయలే ఇస్తాం అన్నారు. మనకు పడింది 64 కదా, 14 నష్టం అని ఫోను పెట్టేస్తే తప్పు. ఆ రెండు వందల కోసం కొత్త ప్లేటు లేదు, కొత్త ప్రూఫు లేదు. అదనంగా అయ్యేది ప్రతికి 40. కాబట్టి 50 తీసుకుంటే రెండు వందల మీద 2,000 మిగులుతుంది. అయితే ఈ బహుమతి రాకపోతే ఆ పిల్లలే అదే పుస్తకాన్ని దుకాణంలో పూర్తి ధరకు కొనేవాళ్లయితే ఈ లాభం నిజం కాదు. అన్ని ప్రతులూ 50కే అమ్మితే 24,000 ఎవరు కడతారన్నదీ ఆలోచించాలి.

ఒక ప్రశ్న వచ్చింది. "ప్రతికి 40 రూపాయలు ఎప్పటికీ మారదా?" అని అడిగారు. మారుతుంది. మారదని మనం అనుకుంటున్నది ఒక పరిధిలోనే. కాగితం రీముల లెక్కన కాకుండా బండిళ్లుగా కొంటే దుకాణదారు ధర తగ్గిస్తాడు. పాఠశాలలు తెరిచే రోజుల్లో బైండింగువారికి ఊపిరాడదు, రాత్రి పని చేయించాలంటే 12కు బదులు 15 అంటారు. మొదటిది చర వ్యయాన్ని కిందికి లాగితే, రెండోది పైకి నెడుతుంది. ఇరవై ముప్ఫై వేల ప్రతులను దాటి వెళ్తే స్థిర వ్యయమూ అలాగే ఉంటుందని చెప్పలేం. ప్లేటు అరుగుతుంది, అక్షరాల అంచులు పలచబడతాయి, అప్పుడు కొత్త ప్లేట్లు వేయాలి. స్థిర వ్యయం అక్కడ ఒక మెట్టు ఎక్కి మళ్లీ చదునుగా సాగుతుంది. మీరు వేసేది మూడు వందలు, వెయ్యి అయితే ఈ మెట్టు గురించి దిగులు పడాల్సిన పని లేదు.

కాగితం విషయంలో ఒక చిన్న కిటుకు ఉంది. కాగితం అనగానే చర వ్యయం అని రాసేస్తాం. మీరు అచ్చు జరిగే చోట ఒక పూట నిలబడి చూడండి. ప్లేటు బిగించాక సిరా, నీరు సరిపడేదాకా, రెండు వైపుల పేజీలు ఒకదాని వెనుక ఒకటి సరిగ్గా కూర్చునేదాకా మిషన్ మనిషి షీట్లు వదులుతూనే ఉంటాడు. మొదటివి మసిగా వస్తాయి, తర్వాతవి వెలవెలబోతూ వస్తాయి, ఆయన మీటలు తిప్పుతూ ఒక్కోటీ వెలుతురులో పట్టి చూస్తాడు. ఫారానికి యాభై షీట్లు ఇలా పోయాయనుకుంటే పది ఫారాలకు అయిదు వందలు, సరిగ్గా ఒక రీము, 750 రూపాయలు. మీరు వంద ప్రతులు వేసినా, వెయ్యి వేసినా ఆ రీము పోతుంది. అది కాగితమే, కానీ నడక ప్లేటుది. అందుకే దాన్ని మిషన్ సెట్టింగుతో కలిపి 24,000లో వేశాను. సరుకు పేరు చూసి వర్గం తేల్చకూడదు, అది పెరిగే తీరు చూడాలి.

అలాగే ఎవరి పుస్తకాల్లో లెక్క వేస్తున్నామన్నదీ చూడాలి. మనం ప్రెస్సుకు తిప్పుకు పావలా ఇస్తున్నాం, మనకది చర వ్యయం. ప్రెస్సు యజమానికి ఆ పావలాలోంచే మిషన్ మనిషి నెల జీతం, షెడ్డు అద్దె, యంత్రం మీద బ్యాంకు వాయిదా కట్టాలి. ఇవి అచ్చు జరిగినా జరగకపోయినా కట్టాల్సినవి. ఆయనకు అవి స్థిర వ్యయాలు. ఖాళీగా ఉన్న వారంలో ఆయన మీతో బేరానికి ఎందుకు దిగుతాడో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇంకొకరు డిజిటల్ అచ్చు సంగతి అడిగారు. అందులో ప్లేట్లు ఉండవు, సెట్టింగు వృథా నామమాత్రం. కాబట్టి మన 24,000లోంచి 7,200, 1,600 పోతాయి. డి.టి.పి., ప్రూఫులు, అట్ట డిజైను మాత్రం అచ్చు ఏదైనా తప్పవు. మిగిలిన స్థిర వ్యయం 15,200. కానీ ప్రతి ఖర్చు పెరుగుతుంది. పేజీకి అర్ధరూపాయి చొప్పున 80, అట్ట, బైండింగు 15, మొత్తం 95 అనుకుందాం. ఆఫ్‌సెట్‌లో, అంటే ఇంతదాకా మనం లెక్క వేసిన ప్లేట్ల అచ్చులో, స్థిర వ్యయం 8,800 ఎక్కువ, ప్రతికి 55 తక్కువ. 8,800ను 55తో భాగిస్తే 160. నూట అరవై ప్రతుల దగ్గర రెండూ సమానం. అంతకంటే తక్కువ కావాలంటే డిజిటల్, ఎక్కువ కావాలంటే ఆఫ్‌సెట్. వంద ప్రతులకు డిజిటల్‌లో ప్రతికి 247 పడుతుంది, ఆఫ్‌సెట్‌లో 280. మూడు వందలకు వెళ్లేసరికి డిజిటల్ 146 దగ్గర ఆగిపోతుంది, ఆఫ్‌సెట్ 120కి దిగుతుంది. స్థిర వ్యయం తక్కువగా ఉన్నచోట పంచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు కాబట్టి ఎక్కువ వేసినందువల్ల కలిగే లాభమూ తక్కువే.

చివరి ప్రశ్న, రెండో ముద్రణ. మొదటి వెయ్యి అయిపోయాయి, ఇంకో అయిదు వందలే వేస్తే ప్రతికి 88 పడుతుందా అని అడుగుతున్నారు. పడదు. డి.టి.పి., ప్రూఫులు, అట్ట డిజైను మొదటిసారే చేసేశారు. ఫైళ్లు మీ దగ్గరే భద్రంగా ఉంటే ఆ 15,200 మళ్లీ కట్టక్కర్లేదు. పాత ప్లేట్లు జిగురు పూసి జాగ్రత్త చేయకపోతే పనికిరావు కాబట్టి కొత్తవే అనుకుందాం. ప్లేట్లు 7,200, సెట్టింగు 1,600, మొత్తం 8,800. దాన్ని అయిదు వందలతో భాగిస్తే 17 రూపాయల 60 పైసలు. దానికి 40 కలిపితే 57 రూపాయల 60 పైసలు. మొదటిసారి వెయ్యి ప్రతులు వేసినప్పుడు పడ్డ 64 కంటే తక్కువ. కాబట్టి ఎలాగూ రెండో ముద్రణ వేయాల్సి వస్తుందేమోనని మొదటిసారే రెండు వేలు వేసి అటక నింపేముందు, ఈ అంకెలు పక్కపక్కన రాసి చూసుకోండి. డి.టి.పి. పూర్తయిన రోజే ఆ ఫైళ్లను ఫాంట్లతో సహా అడిగి తీసుకోండి. కొన్నిచోట్ల పని అయ్యాక అడిగితే ఇవ్వడానికి వేరే డబ్బు అడుగుతారు.